చెట్టువి కాని కాయలు

ఆ నిబంధన నాదే. ఈ మాట ముందే చెప్పాలి. ఈ జ్ఞాపకంలో ఎవరి పేరూ రాయడం లేదు; అయితే పేర్లు రాయకపోవడం నాకు దాక్కునే చోటు కాకూడదు.

డిగ్రీ చివరి ఏడాదిలో మా వృక్షశాస్త్ర విభాగం ఒక పని తలకెత్తుకుంది. విద్యార్థులు ఒక్కొక్కరు తమ ఊరి దారిలో ఒక రోడ్డు ఎంచుకుని, దాని పక్కనున్న చెట్లకు పట్టిక తయారు చేయాలి. చెట్టుకొక ఫోటో, ఫోటోకొక కాగితం. కాగితం మీద చెట్టు పేరు, దాని కింద మూడు గడులు: బెరడు, ఆకుల అమరిక, కాయ. ప్రాజెక్టు అంటే ఇదే. ఇది పూర్తి కాని వాళ్ళకు ఆ యేడు పట్టా రాదు.

మొదటి వారం పట్టికలు వచ్చేసరికి గందరగోళం మొదలైంది. ఫోనులో మొక్కల పేర్లు చెప్పే యాప్ ఒకటి ఉంది. దానికి ఒకే చెట్టును ఒక పక్క నుంచి చూపిస్తే ఒక పేరు, ఇంకో పక్క నుంచి చూపిస్తే ఇంకో పేరు. కొందరు దాని మాటే రాసేశారు. కొందరు స్నేహితుల కాగితాలు చూసి దింపారు. మా సారు యాప్‌ను నిషేధించి, కాగితాలను ఎవరు ఎలా సరిచూడాలో ఒక పద్ధతి చెప్పమని నన్ను అడిగారు. నన్నే ఎందుకంటే, నేను కాలేజీ డిబేట్ జట్టులో మూడేళ్ళుగా ఉన్నాను. పద్ధతి లేని వాదన వింటే నాకు నిద్ర పట్టదని ఆయనకు తెలుసు.

నేను చెప్పిన పద్ధతి ఇది. డిబేట్‌లో న్యాయనిర్ణేతలు ముగ్గురు ఉంటారు. ఒకరు వేసిన మార్కులు ఇంకొకరు చూడరు. ఇక్కడా అలాగే చేద్దాం. ప్రతి ఫోటోలో బెరడు, ఆకు, కాయ మూడూ పడాలి; దాన్ని మూడు ముక్కలుగా కత్తిరించాలి. బెరడు ముక్క ఒక బృందానికి, ఆకుల ముక్క రెండో బృందానికి, కాయ ముక్క మూడో బృందానికి. నెలల తరబడి వచ్చే ఫోటోలన్నీ కలిపేసి పంచాలి; ఎవరి ఫోటోనో, ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో ఎవరికీ తెలియకూడదు. పక్షపాతానికి దారి మూసేయాలి; ఫోటో తప్ప ఇంకే సాక్ష్యమూ చెల్లదు. మూడింట రెండు బృందాలు ఏ పేరు చెబితే అదే చెట్టు పేరు.

సారుకు అది ఎంతో నచ్చింది. కత్తిరించే పని వేరే సెక్షన్ వాళ్ళకు అప్పగించి, తీర్పులు నమోదు చేసే బాధ్యత నాకిచ్చారు. పూర్తి ఫోటోలు నేను కూడా చూడనని అందరి ముందూ ప్రకటించాను. ఆ ప్రకటన చేస్తున్నప్పుడు నా గొంతు నాకే ఎంత బాగా వినిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

పద్ధతి మొదట్లో బాగానే పనిచేసింది. కానుగ చెట్టు ఒకటి వచ్చినప్పుడు ఆకుల బృందంలో ఒకరు ఎదురెదురు ఆకులని రాయబోయారు. సారు వెళ్ళి తెర మీద వేలు పెట్టి చూపించారు. ఆకు అడుగున, కొమ్మను అంటుకున్న చోట, మొగ్గ ఉంటుంది. ఎదురెదురుగా కనిపిస్తున్న ఈ చిన్న రెక్కల అడుగున మొగ్గ లేదు. అంటే ఇవి ఆకులు కావు, ఒక్క ఆకులోని భాగాలు. మొత్తం కాడ కలిపితే ఒకే ఆకు. కొమ్మ మీద ఆ ఆకులు ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా ఉన్నాయి. అది చూశాక ఆ బృందం మొగ్గ కనపడే వరకు నోరు విప్పేది కాదు. కాయ బృందం వాళ్ళు తొడిమ ఎటుంది, కొస ఎటుంది అని వెతికేవారు. బెరడు బృందం మాత్రం ఎప్పుడూ సణిగేది. వయసును బట్టి బెరడు మారుతుంది, వానకు తడిసిన బెరడు నల్లబడుతుంది, ఒక్క బెరడు చూసి పేరు చెప్పడమంటే వీపు చూసి మనిషి పేరు చెప్పడమేనని వాళ్ళ బాధ.

ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చిన మూడు ముక్కల విషయంలో కూడా వాళ్ళు అలాగే సణిగారు. ముదురు బూడిద రంగు, నిలువుగా లోతైన పగుళ్ళు, దళసరి పెచ్చులు: మామిడి కావచ్చు, చింత కాదని చెప్పలేం అన్నారు. చివరికి మామిడి అని రాశారు. ఆకుల బృందానికి అనుమానం లేదు. దళసరి ఆకులు, ఒక కణుపు దగ్గర రెండు, ఎదురెదురుగా. మామిడి ఆకులు అలా ఉండవు. ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతూ కొమ్మ చివర గుత్తిగా చేరతాయి. నేరేడు అని రాశారు. కాయ బృందం ముక్కలో ఎర్రబారిన చిన్న కోల కాయలు, ఒక్కొక్కదాని కొసన గిన్నె అంచులాంటి చిన్న వలయం. నేరేడు కాయ కొసన కూడా పువ్వు రాలిన గుర్తుగా అలాంటి వలయమే ఉంటుంది. పండకముందు ఆ కాయ ఎర్రగానే ఉంటుంది. వాళ్ళూ నేరేడే అన్నారు.

రెండు ఒకవైపు, ఒకటి ఒకవైపు. నేరేడు అని నమోదు చేసి, విద్యార్థి కాగితం తెరిచాను. పేరు గడిలో మామిడి అని ఉంది. కాయ గడిలో "ఇప్పుడు లేదు" అని ఉంది.

కాగితం నా స్నేహితురాలిది. భావనపాడు నుంచి వచ్చి, అరసవల్లిలో గది తీసుకుని చదువుకునేది. వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. తండ్రి పడవ మీద వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. మా ఇద్దరికీ మూడేళ్ళ స్నేహం. నా డిబేట్ ప్రసంగాలన్నీ మొదట విన్నది తనే. ఎక్కడ గొంతు పెంచాలో చెప్పింది తనే.

స్నేహితురాలు కాబట్టే మరింత కఠినంగా ఉండాలనుకున్నాను. అందరి ముందూ లేపి అడిగాను. ఫోటో నిండా కాయలుంటే కాయ లేదని ఎలా రాశావు?

తను నిలబడి, "అవి దానివి కావే," అంది.

నేను ఆగలేదు. "చెట్టుకున్న కాయలు చెట్టువి కాకపోతే మరెవరివి? మనవా?" అన్నాను.

ల్యాబ్ అంతా నవ్వింది. వెనక బల్ల నుంచి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. తను ఇంకేదో చెప్పబోయి, నవ్వు తగ్గే వరకు ఆగి, తగ్గాక చెప్పకుండానే కూర్చుంది. డిబేట్ భాషలో దీన్ని ప్రత్యర్థి నిరుత్తరులవడం అంటారు. నేను ఎర్ర పెన్ను తీసి ఆ కాగితం మీద రాశాను: "కాయ లేదని రాసిన చెట్టుకు ఫోటోలో కాయలున్నాయి. విద్యార్థిని ఆ చోటికి వెళ్ళి చూసినట్టు నమ్మకం కలగడం లేదు." కింద సంతకం.

ఆ ఎర్ర వాక్యం సంగతి సారు తేలికగా తీసుకోలేదు. వెళ్ళకుండా రాసిందన్న అనుమానం ఒక్క చెట్టు మీద వస్తే ఆ రోడ్డు పట్టిక మొత్తం చెల్లదన్నారు. మళ్ళీ మొదటి నుంచి చేయడానికి గడువు లేదు. అంటే తను వచ్చే యేడు జూనియర్లతో కలిసి చేయాలి. ఈ యేడు పట్టా చేతికి రాకపోతే పీజీ ప్రవేశానికి దరఖాస్తు పెట్టడం కుదరదు. ఇంకో యేడు గది అద్దె, ఇంకో యేడు ఎదురుచూపు అంటే ఇంట్లో ఏమంటారో నాకు తెలుసు. తనకూ తెలుసు. సాయంత్రం బస్టాండులో తను నా పక్కనే నిలబడి బస్సు వచ్చే వైపే చూస్తోంది. నేను మాత్రం, నియమం అందరికీ ఒకటే కదా అన్నాను. తను బస్సు ఎక్కబోతూ ఒక్క మాట అంది.

"నీ నియమం బాగానే ఉన్నాది. ఫోటో మొత్తం ఓసారి సూడు."

శనివారం మధ్యాహ్నం నేను నరసన్నపేటలో మా కొట్లో కూర్చుని ఉన్నాను. మాది కిరాణా కొట్టు. పప్పులు, చింతపండు, ఎండుమిరప. పూర్తి ఫోటోలు చూడనని మాట ఇచ్చాను. ఆ మాట తప్పకుండా గంటసేపు గడిపాను. తర్వాత ఒక ప్రశ్న వచ్చింది, పోలేదు. నేను చూడకపోవడం న్యాయం కోసమా, లేక నా తీర్పు కోసమా?

నా మొహం చూసి నాన్న ఏమైందని అడిగాడు. చెట్టు గురించి చెప్పకుండా, ముగ్గురిలో ఇద్దరు ఒక మాట, ఒకరు ఇంకో మాట చెబితే ఎవరిని నమ్మాలి అన్నాను. ఆయన చేతిలో అప్పుడే దించిన బస్తాలోని కందిపప్పు ఉంది. దాన్ని అరచేతిలో పరిచి, వేలితో అటూ ఇటూ జరుపుతున్నాడు.

"ముందు ముగ్గురూ సూసింది ఒకటే సరుకో కాదో కనుక్కో," అన్నాడు. "రంగు ఒకటి సెప్పి, రుచి ఇంకోటి సెప్తే ఏటని అర్థం? రంగు అబద్ధమని కాదమ్మా, రుచి అబద్ధమని కాదు. బస్తా ఒకటే గాని పప్పు రెండు రకాలు. కేసరిపప్పు కలిపేసుంటాడు."

ఇంత చెప్పి ఆయన బస్తా తెచ్చినవాడి కోసం బయటికి వెళ్ళిపోయాడు. నేను కొట్లోని కంప్యూటర్‌లో, నమోదు కోసం నాకిచ్చిన ఫైళ్ళలోంచి పూర్తి ఫోటో తెరిచాను.

రోడ్డు అవతలి పక్క నుంచి తీసిన ఫోటో. మధ్యలో మాను. మానుకు ముందు, రోడ్డు వైపు కిందికి వంగిన ఒక కొమ్మ. ఒకే ఫోటోలో బెరడు, ఆకు, కాయ మూడూ పడాలని నేనే షరతు పెట్టాను. ఆ షరతు కోసం తను అక్కడ నిలబడి ఉంటుంది. వంగిన కొమ్మ మీద దళసరి ఆకులు, ఎర్రబారిన కాయలు దట్టంగా ఉన్నాయి. ఫోటోను పెద్దది చేస్తూ ఆ కొమ్మ వెంట వెనక్కి వెళ్ళాను. ఒకచోట కొమ్మ ఉబ్బి ఉంది, మోకాలిలాగా. ఆ ఉబ్బు నుంచే ఆ ఆకుల రెమ్మలన్నీ బయలుదేరుతున్నాయి. ఉబ్బుకు ఇవతల బెరడు ఒక రంగు, అవతల ఇంకో రంగు. ఫోటో పై అంచున, కత్తిరించినప్పుడు ఏ ముక్కలోకీ రాని మూలలో, పొడవైన సన్నని ఆకుల గుత్తి ఒకటి కొమ్మ చివర వేలాడుతోంది. అవి మామిడి ఆకులు. పిల్లలు కూడా పోల్చగలరు.

ఎదురెదురన్న ఆకుల వంక మళ్ళీ చూశాను. కొన్ని జతలు సరిగ్గా ఎదురుగా లేవు, కాస్త ఎగుడు దిగుడుగా ఉన్నాయి. నేరేడు ఆకు అంచు వెంట ఒక సన్నని ఈనె సాగుతుంది. ఇక్కడ అలాంటిది కనిపించలేదు. అయితే మసక ఫోటోలో కనపడకపోవడం లేకపోవడానికి రుజువు కాదని నాకు నేనే అడ్డు చెప్పుకున్నాను. చివరికి ఫోటో వివరాల్లో తేదీ చూశాను. జనవరి. నేరేడు పూత పూసేది ఎండాకాలంలో, కాయ పండేది తొలకరి వానలకు. జనవరిలో నేరేడు కాయలు ఎక్కడివి? ఈ ఒక్క ప్రశ్న కాయ బృందంలో ఎవరైనా అడిగి ఉండేవారు. అడిగే వీలు లేకుండా తేదీని దాచింది నేను. పక్షపాతానికి దారి మూసేస్తూ బుద్ధికి కూడా తలుపు వేసేశాను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి టెక్కలిలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో భావనపాడు దారి పట్టాను. చెట్టు ఊరు ఇంకా రాకముందే ఉంది. దాని నీడలో గోనెసంచి పరుచుకుని నా స్నేహితురాలి తల్లి చేపలు అమ్ముతోంది. ముందు తట్టలో కానాగంతలు, ఆకు మీద కుప్ప పోసిన నెత్తళ్ళు. పక్కన తను కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

నేను ఎవరో తల్లికి తెలుసు. తెలిసిన సంగతి మొదటి మాటలోనే తెలిసింది.

"ఏటమ్మా, మీ కాలేజీలో మావిడి సెట్టుకి నేరేడు పళ్ళు కాయిస్తన్నారంట? ఓ నాలుగు మాక్కూడా పంపండి, సేపల్తో పాటు అమ్ముకుంటాను."

కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. ల్యాబ్‌లో నేను పుట్టించిన నవ్వు కంటే ఇది ఎంత మర్యాదైనదో నాకు తెలుస్తూనే ఉంది. ఆ నవ్వుకు తలవంచి నిలబడ్డాను. తర్వాత తలెత్తి చూశాను. రోడ్డు వైపు కొమ్మ మీద ఆ గుబురు. మిగతా చెట్టంతా మామిడి. ఇక్కడ నిలబడితే తేడా కనపడకుండా ఉండడమే కష్టం.

కింద రాలిన కాయ ఒకటి తీసి నలిపాను. లోపలి గింజ జిగురుతో వేలికి అంటుకుంది, విదిలించినా వదల్లేదు. బదనిక. మా పాఠంలో ఉంది. ఇంకో చెట్టు కొమ్మలోకి వేళ్ళు దించి, దాని నీళ్ళు తాగి బతికే మొక్క. పరీక్షలో దాని మీద ఐదు మార్కుల ప్రశ్నకు నేను పూర్తి మార్కులు తెచ్చుకున్నాను.

"ఆ జిగురు కాయలు తిన్న పిట్టలు ముక్కు తీసుకెల్లి కొమ్మలకి రాసుకుంటాయి," అని తల్లి చెప్పింది. "రాసుకున్న కాడ మొలిసేస్తాది. సెట్టుని తినేస్తన్నాది అది. ఆ కొమ్మ ఈ యేడు పూత పడదు."

నేను స్నేహితురాలి వైపు తిరిగి, ఆ రోజే ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. అడుగుతున్నప్పుడే ఆ ప్రశ్న ఎంత సిగ్గుమాలినదో అర్థమైంది. తను చేపల మీద నీళ్ళు చిలకరిస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది.

"నువ్వు అడగనేదు. అన్నావు."

నేను క్షమించమన్నాను. తను సరే అనలేదు. సోమవారం ఏం చేస్తావని అడిగింది. చెప్పాను. అప్పుడు తల్లి ఒక ఆకులో నెత్తళ్ళు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. నరసన్నపేటలో మా ఇంట్లో చేప వండరని ఆమెకు తెలుసు. తెలిసే పెట్టిందని, ఆ పొట్లం పట్టుకుని బస్సులో నా మొహం ఎలా ఉంటుందో తలచుకుని నవ్వుకుందని నా స్నేహితురాలు నాకు తర్వాత చెప్పింది.

సోమవారం ల్యాబ్‌లో లేచి నిలబడి, చెట్టు దగ్గరికి వెళ్ళి చూసి వచ్చానని, ఒక తీర్పును తిరిగి విచారించాలని అన్నాను. సారు కాగితాల మీది నుంచి తలెత్తలేదు. సొంతంగా వెళ్ళి చూసి వచ్చిన సాక్ష్యం చెల్లదని, ఫోటో తప్ప ఇంకేదీ చూడకూడదని, అది నా మాటేనని గుర్తు చేశారు. నాకు అది సమ్మతమేనన్నాను. ఫోటో తప్ప ఇంకేదీ చూడమనను. ఫోటో మొత్తం చూడమంటాను. ముక్కలు చేసి చూడాలన్నది నియమం కదా అని కాయ బృందం నుంచి ఒకరు అడ్డుపడ్డారు. ఆ నియమం పెట్టింది నేనే, ఆ నియమం తప్పని చెబుతున్నదీ నేనే అన్నాను. మూడు ముక్కలూ ఒకే మొక్కవని నిరూపించకుండా మూడు ఓట్లూ కలిపి లెక్కపెట్టాం. రెండు పశువుల పాదముద్రలు కలిపి కొలిచి, ఇదొక కొత్త జంతువన్నట్టుంది మన తీర్పు.

సారుకు చిరాకు వచ్చింది. "పద్ధతి నీదేనమ్మా. నీకు నచ్చిన జవాబు రాకపోతే పద్ధతి తప్పయిపోద్దా?"

న్యాయమైన ప్రశ్న. నేనైనా అదే అడిగేదాన్ని. "నాకు నచ్చిన జవాబే వచ్చింది సార్," అన్నాను. "ఆ రోజు నాకు చప్పట్లు కూడా వచ్చాయి. అందుకే మళ్ళీ చూడమంటున్నాను."

ఆయన ప్రొజెక్టర్ వేయమన్నారు.

ఫోటో గోడ మీద పడింది. ఉబ్బు దగ్గరికి వెళ్ళకముందే, నేను ఒక్క ముక్క మాట్లాడకముందే, సారు కళ్ళద్దాలు పైకి జరిపి "బదనిక" అన్నారు. పూర్తి ఫోటో ఎవరైనా ఒక్కసారి ఆయనకు చూపించి ఉంటే రెండు క్షణాల్లో తేలిపోయే విషయం. పాతికేళ్ళుగా చెట్లను చూస్తున్న ఆ కళ్ళకు మూడు బృందాల సంతకాలు మాత్రమే పంపించాం. బెరడు బృందం వాళ్ళు లేచి నిలబడి ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. ఆకుల బృందం, మేం చూసిన ఆకులు నిజంగానే ఎదురెదురుగా ఉన్నాయి కదా, మా తప్పేముంది అంది. వాళ్ళ తప్పు ఏమీ లేదు. అబద్ధం చెప్పినవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. తప్పు తీర్పు మాత్రం ఉంది, దాని కింద నా సంతకం ఉంది.

అసలు తగువు అప్పుడు మొదలైంది.

సారు నా స్నేహితురాలిని దగ్గరికి పిలిచి, ఆమె పట్టిక చెల్లుతుందన్నారు. కొత్త కాగితం ఇస్తాం, శుభ్రంగా రాసి తెమ్మన్నారు. ఆకుల బృందం, కాయ బృందం తీర్పులు కూడా మామిడి అని మార్చేస్తే మూడూ ఒకటవుతాయి. బయటి నుంచి పరీక్షకులు వస్తారు, ఎర్ర సిరా చూస్తే లేనిపోని ప్రశ్నలు అడుగుతారు, విభాగానికి మచ్చ. ఆయన ఉద్దేశం మంచిదే. మాటలోనూ దయ ఉంది.

నేను ఒప్పుకోలేదు. ఆ రెండు బృందాలు చూసినవి మామిడి ఆకులు కావు, మామిడి కాయలు కావు; చూడనిదాన్ని చూశామని ఇప్పుడు రాయిస్తే, ఏ నేరం ఆమె మీద మోపామో అదే నేరం మన చేతులతో మనం చేసినట్టన్నాను. నేను రాసిన వాక్యం తప్పు. తప్పని అక్కడే రాయాలి, చింపేసి కాదు. సారు గొంతు మారింది. అంత పట్టుదల పనికిరాదని, అది ఆమె కాగితమని, ఆమెకు లేని అభ్యంతరం నాకెందుకని అన్నారు. నా తరఫున ఆమె మాట్లాడాలని నేను ఎదురుచూడలేదు. ఆమె తరఫున నేను మాట్లాడే హక్కు మొన్ననే పోగొట్టుకున్నాను. కాబట్టి నోరు మూసుకుని నిలబడ్డాను. డిబేట్‌లో అలా నిలబడడం ఎవరూ నేర్పరు.

సారు ఆమె వైపు కొత్త కాగితం చాపారు. ఆమె చేయి చాపలేదు.

"కొత్త కాయితం వద్దు సార్," అంది. "కొట్టేసినట్టు కనపడాల. అందరి ముందు రాసిన్ది, అందరికీ కనపడేలగ కొట్టేయాల."

ల్యాబ్‌లో ఎవరూ నవ్వలేదు. సారు ఆ తెల్ల కాగితాన్ని సొరుగులో పెట్టేసుకున్నారు. పరీక్షకులు అడిగితే జవాబు మీ ఇద్దరే చెప్పుకోవాలన్నారు. చెప్పుకుంటామన్నాను.

ఎర్ర వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశాను, కింద అక్షరాలు చదవగలిగేలా. పక్కన రాశాను: "ఈ వాక్యం తప్పు. ఫోటోలో రెండు మొక్కలున్నాయి. బెరడు మామిడిది, ఎదురెదురు ఆకులు, కాయలు దాని మీద పెరిగిన బదనికవి. విద్యార్థిని మొదట రాసిందే నిజం. పూర్తి ఫోటో చూడకుండా నమోదు చేసింది నేను." మళ్ళీ సంతకం. నా పాత సంతకం కంటే అది చిన్నగా వచ్చింది. ఆమె తన కలం తీసి, పేరు గడిలో మామిడి కింద రెండో వరుసలో బదనిక అని చేర్చింది. కాయ గడిలో "ఇప్పుడు లేదు" అన్న మాటను ముట్టుకోలేదు.

పద్ధతి మార్చాం. ముక్కలు కత్తిరించడం మానలేదు. ముక్కలుగా చూడడంలో మేలు లేకపోలేదు, కానుగ సంగతి నాకు గుర్తే. అయితే మూడు తీర్పులూ వచ్చాక పూర్తి ఫోటోను తేదీతో సహా గోడ మీద వేసి, మూడూ ఒకే కొమ్మకు చెందినవా అని కొమ్మ వెంట వేలు పెట్టి వెతకాలి. తీర్పులు విడిపోతే ఓట్లు లెక్కపెట్టకూడదు. ఎందుకు విడిపోయాయో కనుక్కోవాలి. ఆ నెలలో ఇంకో రెండు ఫోటోల్లో మాను ఒకటి, దాన్ని అల్లుకున్న తీగ ఒకటి బయటపడ్డాయి. వాటికి అప్పటికే రెండేసి ఓట్లతో పేర్లు పెట్టేసి ఉన్నాం.

పరీక్షకులు వచ్చిన రోజు ఆ కాగితం దగ్గర ఆగనే ఆగారు. ఇదేమిటని అడిగారు. నేను లేవబోతే ఆమె నా మోచేయి పట్టి కూర్చోబెట్టింది. ఫోటో చూపించి, ఉబ్బు చూపించి, పై మూలలోని ఆకుల గుత్తి చూపించి, తీరిగ్గా చెప్పింది. అడగవలసినవి ఆయన అడిగారు, చెప్పనిచ్చారు. మొదటి రోజు జరగవలసింది కూడా అంతే. ఆమె పట్టా ఆ యేడే వచ్చింది. పీజీకి దరఖాస్తు పెట్టిన రోజు నా ఫోనుకు ఒక ఫోటో పంపింది: రోడ్డు పక్కన మామిడి చెట్టు, ఉబ్బుకు బాగా వెనకగా కొమ్మ నరికిన తెల్లటి గుండ్రని గాటు, దాని కింద గోనెసంచి మీద వాళ్ళమ్మ. ఉబ్బు దగ్గర కోస్తే మళ్ళీ చిగురిస్తుందని వాళ్ళ మావ చేత వెనక్కి జరిపి నరికించిందట. కింద ఒక్క వాక్యం రాసింది, మొత్తం సూసి పేరు సెప్పు అని.

కాగితాలన్నీ కుట్టిన పుస్తకం విభాగం బీరువాలో ఉంది. నమూనాగా ఆమె అతికించిన బదనిక రెమ్మలోని కాయ ఒకటి పూర్తిగా ఎండకముందే పుస్తకం మూసేశారు. దాని జిగురు ఆ పేజీని ఎదుటి పేజీకి అంటించేసింది. ఎదుటి పేజీలో సారు రాసిన ముందుమాట ఉంది. విడదీయాలంటే ఏదో ఒకటి చిరగాలి. చిన్న బ్లేడు పెట్టి తీద్దామని సారు ఒకసారి అన్నారు. అక్కర్లేదు సార్, అలాగే ఉండనివ్వండి అన్నాను.